‘మధు తప్ప’ అన్న రెండు మాటలు

మాక్ టెస్ట్ స్కోరు చూసుకున్నప్పుడు నాకు మొదట అనుమానం వచ్చింది నా మీద కాదు, కీ మీద. సీటింగ్ అరేంజ్‌మెంట్ పజిల్ ఒకటి, దాని కింద ఐదు ప్రశ్నలు. అన్నీ రాశాను, చాలా ధీమాగా రాశాను. అందులో నాలుగు తప్పు, ఒక్కటే ఒప్పు. తప్పుకి పావు మార్కు కోత. అంటే ఒప్పుకి వచ్చిన ఒక మార్కు, తప్పులకి పోయిన ఒక మార్కు చెల్లుకు చెల్లు. ఆ పజిల్ ముట్టుకోకుండా వదిలేసినా నాకు అదే సున్నా వచ్చేది, పైగా ఆరు నిమిషాలు మిగిలేవి.

పజిల్ మరీ కష్టమైనదైతే ఇంత బాధ ఉండేది కాదు. ఇది సులువుగా వచ్చింది. ఎక్కడా ఆగలేదు, చెరపలేదు. నాలుగు క్లూలూ ఒకదాని తర్వాత ఒకటి చక్కగా కూర్చున్నాయి. అయ్యాక మళ్లీ ఒకసారి క్లూలన్నీ బొమ్మతో సరిచూశాను కూడా. అన్నీ సరిపోయాయి. అందుకే కీ తప్పై ఉంటుందని గట్టిగా నమ్మాను.

పజిల్ ఇదీ. ఆరుగురు మిత్రులు రవి, లత, మధు, గీత, హరి, వాణి ఒక గుండ్రటి బల్ల చుట్టూ సమాన దూరంలో కూర్చున్నారు. మధు తప్ప అందరూ కేంద్రం వైపు చూస్తున్నారు. మధుకి ఎడమవైపు రెండో స్థానంలో రవి ఉన్నాడు. రవికి కుడి పక్కనే లత ఉంది. హరి మధు పక్కన కూర్చోలేదు. హరికి కుడి పక్కనే గీత ఉంది.

ఇప్పుడు చదువుతున్న మీకు ‘మధు తప్ప’ అనేది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పైన శీర్షికలోనే పెట్టాను కాబట్టి. పరీక్షలో నా కంటికి ఆనలేదు. గుండ్రటి బల్ల పజిళ్లు అప్పటికి ఎన్నో చేసి ఉన్నాను. వాటిలో చాలావాటికి రెండో వాక్యం ‘అందరూ కేంద్రం వైపు చూస్తున్నారు’ అనే ఉంటుంది. అది చదవడం ఎప్పుడో మానేశాను. ‘అందరూ’ కనబడగానే మిగతాది నా బుర్రే పూరించుకుంది. దానికి ముందున్న రెండు మాటల మీదుగా చూపు జారిపోయింది.

రఫ్ షీట్ ఇంకా నా దగ్గరే ఉంది కాబట్టి ఆ రోజు ఏం గీశానో ఉన్నదున్నట్టు చెప్పగలను. వృత్తం గీసి ఆరు సీట్లకి గడియారం ముల్లు తిరిగే వైపుగా 1 నుంచి 6 దాకా నంబర్లు వేశాను. మధుని 1లో కూర్చోబెట్టాను. గుండ్రటి బల్లలో మొదటివాళ్లని ఎక్కడ పెట్టినా ఒకటే, ఆ స్వేచ్ఛ మనకుంది. ఇక బల్ల వైపు తిరిగి కూర్చున్న మనిషికి ఎడమ అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, అంటే నంబరు పెరిగే వైపు. నమ్మకం కుదరకపోతే కాగితాన్ని తిప్పి ఆ సీటు మీ పొట్టకి దగ్గరగా వచ్చేలా పెట్టుకోండి. మీ ఎడమ చెయ్యే వాళ్ల ఎడమ చెయ్యి.

మధుకి ఎడమవైపు రెండో స్థానం 3. అక్కడ రవి. రవికి కుడి పక్కన 2, అక్కడ లత. మిగిలినవి 4, 5, 6. హరి మధు పక్కన ఉండకూడదు, కాబట్టి 6 పనికిరాదు. హరిని 4లో పెడితే అతని కుడి పక్కన 3 వస్తుంది, అక్కడ రవి ఉన్నాడు, గీతకి చోటు లేదు. కాబట్టి హరి 5, గీత 4. మిగిలిన 6లో వాణి. మధు, లత, రవి, గీత, హరి, వాణి. ఇంతే, నిమిషంన్నర పట్టి ఉంటుంది. మిగతా సమయమంతా జవాబులు గుర్తించడానికి, మళ్లీ సరిచూసి మురిసిపోవడానికి.

మధుకి ఎదురుగా ఎవరు అన్నారు, గీత అన్నాను. మధుకి ఎడమ పక్కనే ఎవరు, లత. గీతకి ఎడమ పక్కనే ఎవరు, హరి. వాణికి అటూ ఇటూ ఎవరు, మధు, హరి. హరికి ఎదురుగా ఎవరు, లత. ఈ జవాబులన్నీ ఆప్షన్లలో ఉన్నాయి. ఒక్కటైనా లేకపోతే నేను ఆగి వెనక్కి వెళ్లేవాణ్ని. పజిల్ తయారుచేసినవాళ్లకి ఎవరు ఎక్కడ జారతారో ముందే తెలుసు, ఆ జారినచోట కూడా ఒక కుర్చీ వేసి ఉంచారు.

ఇంటికొచ్చి కీ తప్పని నిరూపించడానికి కూర్చున్నాను. నా బొమ్మ పక్కన పెట్టుకుని నాలుగు క్లూలూ మూడుసార్లు సరిచూశాను. మూడుసార్లూ సరిపోయాయి. ఇక్కడే నాకు తర్వాత అర్థమైన సంగతి ఒకటుంది. సరిచూడటం అని నేను అనుకుంటున్నది నిజానికి సరిచూడటం కాదు. పజిల్‌ని ‘మధుకి ఎడమవైపు’ అన్న చోటి నుంచే చదువుతున్నాను. పైన ఉన్న రెండు వాక్యాలూ నా దృష్టిలో క్లూలు కావు, పరిచయం. ఎన్నిసార్లు చూసినా అదే కన్నుతో, అదే చోటి నుంచి మొదలుపెడుతున్నప్పుడు మూడుసార్లయినా ముప్పైసార్లయినా తేడా రాదు.

మా అక్క ఈ పరీక్షలన్నీ దాటి వచ్చిన మనిషి. నా గోల వినలేక కాగితం లాక్కుని చూసింది. పజిల్ నా చేత పైకి చదివించింది, మొదటి మాట నుంచి. “ఆరుగురు మిత్రులు...” అని మొదలుపెట్టి “మధు తప్ప” అన్నదాకా వచ్చి ఆగిపోయాను.

“ఏం, ఆగావేం? చదువు” అంది.

చదవలేదు. కాగితం తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయాను.

మధు బయటికి చూస్తే ఏమవుతుంది? వీపు బల్లకి, ముఖం గోడకి. కుడి ఎడమలు తారుమారు. అతనికి ఎడమ అంటే ఇప్పుడు నంబరు తగ్గే వైపు. 1 నుంచి వెనక్కి ఒకటి 6, రెండు 5. రవి 5కి వెళ్లాడు. రవి మాత్రం లోపలికే చూస్తున్నాడు కాబట్టి అతని కుడి పక్కన 4, అక్కడ లత. మిగిలినవి 2, 3, 6. హరి మధు పక్కన ఉండకూడదంటే 2, 6 రెండూ పోయాయి. ఎందుకంటే 1కి పక్కవి ఆ రెండే. హరి 3లోనే ఉండాలి. అతని కుడి పక్కన 2, అక్కడ గీత. వాణి 6.

మధు, గీత, హరి, లత, రవి, వాణి. ఇదీ అసలు వరస. మధుకి ఎదురుగా గీత కాదు, లత. మధుకి ఎడమ పక్కన లత కాదు, వాణి. వాణికి అటూ ఇటూ ఉన్నది మధు, రవి. హరికి ఎదురుగా వాణి. గీతకి ఎడమ పక్కన హరి అన్న ఒక్కటే రెండు బొమ్మల్లోనూ ఒకటి. అదీ నా గొప్ప కాదు, ‘హరికి కుడి పక్కనే గీత’ అన్న క్లూనే తిరగేసి అడిగారు, ఇద్దరూ లోపలికి చూస్తున్నవాళ్లే కాబట్టి అది ఎలాగూ మారదు.

రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. నాలుగు క్లూలలో మధు చూపు మీద ఆధారపడింది ఒక్కటే, మొదటిది. రెండోది రవి కుడి చెయ్యి, నాలుగోది హరి కుడి చెయ్యి. మూడోదానికి చూపుతో పనే లేదు, పక్కన ఉన్నారా లేదా అంతే. అంటే నేను పోగొట్టుకున్నది ఒక్క క్లూ తాలూకు దిశ మాత్రమే. కానీ మొత్తం భవనం ఆ మొదటి క్లూ మీదే లేచింది కాబట్టి ఆరుగురిలో నలుగురు ఉండాల్సిన చోట లేరు. నేనే 1లో పెట్టిన మధు కాక, వాణి ఒక్కతే రెండు బొమ్మల్లోనూ 6లో స్థిరంగా కూర్చుంది, కానీ ఆమెకి ఒక పక్కన మనిషి మారిపోయాడు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకోటి. తప్పు బొమ్మ ఎక్కడా మొరాయించలేదు. అప్పటిదాకా నా లెక్క ఏమిటంటే, తప్పుగా చదివితే పజిల్ ఎక్కడో ఒకచోట బిగుసుకుపోతుంది, ఎవరికో చోటు దొరకదు, అప్పుడు మనకే తెలుస్తుంది అని. నిజానికి అలా జరగడం మన అదృష్టం. ఈ పజిల్‌లోనే ‘హరికి ఎదురుగా వాణి’ అని ఇంకో క్లూ ఉండి ఉంటే నేను బతికిపోయేవాణ్ని. నా బొమ్మలో వాళ్లిద్దరూ 5, 6లో పక్కపక్కన ఉన్నారు. ఢీకొట్టేది, వెనక్కి వెళ్లేవాణ్ని, మొదటి నుంచి చదివేవాణ్ని. అలాంటి క్లూ లేదు. నా తప్పు పజిల్ కూడా ఒక సంపూర్ణమైన పజిలే, దానికీ ఒక్కటే జవాబు ఉంది. కాకపోతే అది వాళ్లు అడిగిన పజిల్ కాదు.

మర్నాడు అక్క ఇంకో మెలిక పెట్టింది. “ఇలా ఎప్పటి నుంచి చదువుతున్నావో చూడు” అని నా పాత నోట్‌బుక్ తెరిపించింది. వెతగ్గా వెతగ్గా, మూడు వారాల కిందట చేసిన పజిల్ ఒకటి దొరికింది. ఎనిమిది మంది, గుండ్రటి బల్ల, ‘అందరూ బయటికి చూస్తున్నారు’. నేను అందరినీ లోపలికి చూపించి గీశాను. అయినా ఐదింటిలో నాలుగు ఒప్పు! తప్పైన ఒక్కదాని పక్కన ‘అజాగ్రత్త’ అని ఎర్ర పెన్నుతో రాసుకుని ఊరుకున్నాను.

ఇదెలా సాధ్యం? ఒక్క మధు చూపు తప్పుగా తీసుకుంటే నాలుగు జవాబులు పోయాయి. ఎనిమిది మంది చూపూ తప్పుగా తీసుకుంటే ఒక్కటే పోయిందా?

అక్క చెప్పిన పద్ధతి తేలికగా ఉంది. నా బొమ్మ ఉన్న కాగితాన్ని వెనక్కి తిప్పి కిటికీ అద్దానికి ఆనించి చూడమంది. వెనక నుంచి కనబడిన వరస, సరైన జవాబు తాలూకు వరస ఒకటే. అందరి చూపూ ఒకేసారి తిరగబడితే ప్రతి ఎడమా కుడి అవుతుంది, ప్రతి కుడీ ఎడమ అవుతుంది, బొమ్మ మొత్తం అద్దంలో ప్రతిబింబంలా మారుతుంది. ప్రతిబింబంలో కూడా ఎదురుగా ఉన్నవాళ్లు ఎదురుగానే ఉంటారు, పక్కవాళ్లు పక్కనే ఉంటారు. ‘ఫలానావారికి ఎడమవైపు మూడో మనిషి ఎవరు’ అన్న ప్రశ్నకి కూడా జవాబు సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే బొమ్మ గీసేటప్పుడు ఏ తప్పు దిశలో లెక్కపెట్టానో జవాబు చెప్పేటప్పుడూ అదే తప్పు దిశలో లెక్కపెడతాను. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

తప్పైన ఆ ఒక్క ప్రశ్న ఏమిటో చూస్తే ‘ఫలానావారి నుంచి సవ్యదిశలో లెక్కపెడితే మూడోవారు ఎవరు’ అని ఉంది. సవ్యదిశ ఎవరి చెయ్యీ కాదు, గడియారానిది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఎటు చూస్తున్నా అది మారదు. అందుకే అక్కడ మాత్రం నా తప్పు కొట్టివేతకి దొరకలేదు.

ఆ నాలుగు ఒప్పులే నన్ను చెడగొట్టాయని నా అభిప్రాయం. ఐదుకి ఐదూ పోయి ఉంటే అప్పుడే కూర్చుని ఆ మొదటి వాక్యం దాకా వెళ్లేవాణ్ని. నాలుగు వచ్చాయి కాబట్టి ‘అజాగ్రత్త’ అన్న మాటతో సరిపెట్టుకున్నాను. ఏ విషయంలో అజాగ్రత్త అన్నది రాసుకోలేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం. ఎడమ, కుడి అన్నప్పుడు ఎవరి ఎడమ అన్న తికమక కూడా చాలామందికి ఉంటుంది. ‘మధుకి ఎడమవైపు రవి’ అంటే లెక్క మధు చేతి నుంచి, రవి చేతి నుంచి కాదు. ‘కి’ ఎవరికి తగిలితే చెయ్యి వాళ్లది. అందరూ ఒకే వైపు చూసే పజిళ్లలో మనిషిని మార్చి లెక్కపెట్టేవాళ్లు వెంటనే పట్టుబడరు, పైన చెప్పిన ప్రతిబింబమే వస్తుంది కాబట్టి. కొందరు లోపలికి, కొందరు బయటికి చూసే పజిళ్లలో మాత్రం తప్పించుకోలేరు.

మధు సంగతి తేలాక ఓ వారం పాటు బాణం గుర్తులు పెట్టడం అలవాటు చేసుకున్నాను. పజిల్ చదవడం మొదలుపెట్టగానే, ఎవరి పేరూ రాయకముందే, ఎవరు ఎటు చూస్తున్నారో షీట్ పైన ఒక గీతలో రాసేస్తాను. ‘మధు బయటికి, మిగతా లోపలికి’. తర్వాత వృత్తంలో పేరు రాసిన ప్రతిసారీ పక్కన లోపలికో బయటికో చిన్న బాణం. చూపు తెలియకపోతే ప్రశ్నార్థకం. బాణం లేని పేరు నుంచి కుడి ఎడమలు లెక్కపెట్టకూడదన్నది నాకు నేను పెట్టుకున్న కట్టుబాటు. దీనికి మహా అయితే పావు నిమిషం పడుతుంది.

చూపు బాగుపడింది కదా అని ఇంకోచోట వేగం పెంచబోయి బోల్తా పడ్డాను. వృత్తం గీయడం, అందులో సమానంగా ఆరు చోట్లు పెట్టడం, ఆపైన బాణాలు, ఇదంతా టైమ్ తింటోందనిపించింది. ఆరు గీతలు వరసగా గీసుకుంటే చాలదా? ఎడమ అంటే కాగితం మీద ఎడమే, కుడి అంటే కుడే, తిప్పి చూసుకోవాల్సిన పని కూడా లేదు. అందరూ లోపలికి చూస్తున్నప్పుడు ఇది చాలా సుఖంగా ఉంటుంది.

అక్కకి ఈ తెలివి చూపించాను. ఆమె పాత పజిల్‌లోంచి ‘మధు తప్ప’ కొట్టేసి, “ఇప్పుడు అందరూ లోపలికే చూస్తున్నారు. నీ గీతల మీద చెయ్యి” అంది.

చేశాను. మధుకి ఎడమవైపు రెండో స్థానంలో రవి ఉండాలి కాబట్టి మధుని కుడి చివర పెట్టాను, ఆరో గీత మీద. రవి నాలుగో గీత మీద. రవికి కుడి పక్కన లత, ఐదో గీత. మిగిలినవి 1, 2, 3. హరి మధు పక్కన ఉండకూడదు. మధు ఆ చివర ఉన్నాడు, హరిని ఈ చివర, మొదటి గీత మీద పెట్టాను. ఇంతకంటే దూరం ఇంకేముంటుంది? హరికి కుడి పక్కన గీత, రెండో గీత. వాణి మూడోది. హరి, గీత, వాణి, రవి, లత, మధు. అయిపోయింది.

అక్క ఆ కాగితం చీల్చి, గీతలున్న ముక్కని గుండ్రంగా చుట్టి రెండు చివరలూ కలిపి పట్టుకుంది. మొదటి గీత, ఆరో గీత ఒకదాన్నొకటి అంటుకున్నాయి. హరి, మధు భుజం భుజం రాసుకుని కూర్చున్నారు. కాగితం మీద అందరికంటే దూరంగా ఉన్నవాళ్లే బల్ల దగ్గర పక్కపక్కన ఉన్నవాళ్లు.

సరైన వరస వాణి, హరి, గీత, రవి, లత, మధు. ఇది ముందు నేను వృత్తంలో గీసిన తప్పు బొమ్మే, ఈసారి ‘మధు తప్ప’ లేదు కాబట్టి ఒప్పయింది. గీతల మీద చూస్తే రెండు వరసలూ నాలుగు క్లూలకీ సరిపోతాయి, వృత్తంలో ఒకటే సరిపోతుంది. తేడా ఎక్కడుందో లెక్కపెట్టి చూసుకున్నాను. ఆరుగురు వరసలో ఉంటే పక్కపక్కన ఉండే జంటలు ఐదు. వృత్తంలో ఉంటే ఆరు. నా గీతల్లో కనబడని ఆ ఒక్క ఆరో జంటలోనే హరిని, మధుని కూర్చోబెట్టాను.

ఇక్కడ కూడా హెచ్చరిక ఏమీ రాలేదు. వరసలో రెండు జవాబులు వస్తున్నాయని గమనించి ఉంటే అనుమానం వచ్చేది. పరీక్షలో ఒకటి కుదిరాక రెండోదానికోసం ఎవరు వెతుకుతారు? వెతకాలనే ఇప్పుడు అంటాను, ముఖ్యంగా ‘పక్కన లేరు’ లాంటి కాదు-క్లూలు ఉన్నప్పుడు. ఎక్కడ ఉండాలో చెప్పే క్లూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెడుతుంది. ఎక్కడ ఉండకూడదో చెప్పేది మాత్రం మనం వెళ్లి అడిగేదాకా నోరు విప్పదు.

గీతల పద్ధతి ఉల్టా కూడా దెబ్బ కొడుతుంది. మధుని అలవాటు చొప్పున ఎడమ చివర పెట్టి ఉంటే, అతనికి ఎడమవైపు రెండో స్థానమే కాగితం మీద లేదు. వృత్తంలో ఉంది, అవతలి చివర నుంచి లెక్క కొనసాగుతుంది. వరసలో ఆలోచించేవాడు ‘కుదరదు’ అని కొట్టేస్తాడు. కుదిరేవి కొట్టేయడం, కుదరనివి ఒప్పుకోవడం, రెండూ ఆ చివరల దగ్గరే. ఆ తర్వాత మళ్లీ వృత్తానికే వచ్చాను. అయితే వృత్తం గీయను, మధ్యలో కలిసే మూడు అడ్డగీతలు గీస్తాను, చక్రం ఆకుల్లాగా. ఆరు కొనలు, ఆరు సీట్లు. ఎదురెదురు ఎవరో గీతే చెబుతుంది. ఎనిమిది మందైతే నాలుగు గీతలు. చేతికి అలవాటయ్యాక వృత్తం కంటే ఇదే త్వరగా పడుతుంది.

ఇప్పుడు జవాబులు గుర్తించే ముందు క్లూలని సరిచూడటం మానేశాను అంటే అతిశయోక్తి కాదు. గీసేటప్పుడు ఎలాగూ వాటినే వాడాను, అవి సరిపోతూనే ఉంటాయి. దాని బదులు పరిచయ వాక్యాలు మళ్లీ ఒకసారి, మాట మాటా, వేలు పెట్టి చదువుతాను. ఎంతమంది, ఏ ఆకారం, ఎటు చూస్తున్నారు. ఆ తర్వాత కాదు-క్లూలు మాత్రం బొమ్మలో వెళ్లి అడుగుతాను: హరీ, నీ రెండు పక్కలా ఎవరు? పజిల్‌కి అర నిమిషం ఎక్కువ అవుతోంది. ఒక మాక్‌లో ఈ అర నిమిషాల వల్ల చివరి సెట్ దాకా వెళ్లలేకపోయాను కూడా. అయినా ఆ అర నిమిషం వదులుకోవడం లేదు.

కిందటి ఆదివారం అక్క మళ్లీ అదే కాగితం తీసింది. మధు పేరు చూస్తేనే నాకు చిరాకు పుడుతోందని చెప్పినా వినలేదు. నాలుగు క్లూలూ అవే. పైన వాక్యం మాత్రం మార్చింది: ‘ఆరుగురూ ఒకే విధంగా, అందరూ లోపలికి గానీ అందరూ బయటికి గానీ చూస్తున్నారు.’ ఏదో చెప్పలేదు. కింద రెండే ప్రశ్నలు. మధుకి ఎదురుగా ఎవరు? రవి నుంచి సవ్యదిశలో వెంటనే వచ్చేది ఎవరు?

మూడు అడ్డగీతలు గీశాను. బాణాల దగ్గర ఆరు చోట్లా ప్రశ్నార్థకాలు పెట్టాల్సి వచ్చింది. నా కట్టుబాటు ప్రకారం అక్కడితో ఆగిపోవాలి. కాసేపు ఆలోచించి, ప్రశ్నార్థకాలు చెరిపి, అందరినీ లోపలికి తిప్పి ఒక బొమ్మ, బయటికి తిప్పి ఒక బొమ్మ వేశాను. ఒకదానికొకటి ప్రతిబింబాలు. రెండింటిలోనూ మధుకి ఎదురుగా గీతే ఉంది. రవి తర్వాత సవ్యదిశలో ఒకదాంట్లో గీత, ఇంకోదాంట్లో లత.

మొదటిదానికి గీత అని రాశాను. రెండోదాని ఎదురుగా ‘చెప్పలేం’ అని రాసి కాగితం ఇచ్చేశాను. అక్క ఒకసారి చూసి, ఇంకేమీ అనకుండా మడిచి పుస్తకంలో పెట్టేసుకుంది.